ఆర్డర్లు 30 శాతం తగ్గితే చేతికొచ్చేది సగానికి పైగా ఎందుకు తగ్గుతుంది?

డల్ సీజన్ వచ్చినప్పుడు డెలివరీ రైడర్ల నోట తరచూ వినిపించే మాట ఒకటుంది: “ఆర్డర్లు మరీ అంత పడిపోలేదు, కానీ డబ్బే మిగలట్లేదు.” పక్కవాళ్లకి ఇది సాకులా వినిపిస్తుంది. లెక్క వేసి చూస్తే మాత్రం అక్షరాలా నిజం. ఆర్డర్లు పడిపోయే వేగం ఒకటి, చేతిలో మిగిలేది పడిపోయే వేగం ఇంకొకటి. ఈ రెండిటి మధ్య తేడా తెలియకుండా ఎంత దాచాలి, ఇంకో పని ఏది చూసుకోవాలి అని లెక్కేస్తే రెండూ తప్పుతాయి.

ఫుడ్ డెలివరీ చేసే ఒక రైడరును తీసుకుందాం. అసలు డబ్బు అంకెలు ఊరికో తీరుగా, యాప్‌కో తీరుగా ఉంటాయి కాబట్టి ఆర్డర్లనే నాణెంగా పెట్టుకుందాం. ఒక్క ఆర్డర్‌కి వచ్చే మూల చెల్లింపు 1 అనుకోండి. ఇక్కడి నుంచి డబ్బు గురించి ఏ అంకె చెప్పినా అది అన్నేసి ఆర్డర్ల మూల చెల్లింపు అని అర్థం. అంకెలు ఉదాహరణకే, మీవి వేరుగా ఉంటాయి. లెక్క నడిచే తీరు మాత్రం ఇదే.

మామూలు వారంలో ఈ రైడరు 50 గంటలు లాగిన్‌లో ఉండి 80 ఆర్డర్లు చేస్తాడు. 75 చేరితే వచ్చే వారపు ఇన్సెంటివ్ 20. అంటే ఖాతాలో పడేది 100. అందులో పెట్రోలుకి 20, బండి అరుగుదలకి (టైర్లు, బ్రేకులు, సర్వీసింగు) 8, ఫోను రీచార్జికి 2 పోతాయి. మిగిలేది 70. ఇంటి ఖర్చు, అద్దె, బండి వాయిదా అన్నీ కలిపి వారానికి 58. పన్నెండు మిగులుతుంది.

ఇప్పుడు ఆర్డర్లు 30 శాతం తగ్గాయి. 80 కాస్తా 56 అయ్యాయి. 75 చేరలేదు కాబట్టి ఇన్సెంటివ్ మొత్తం ఎగిరిపోయింది. ఖాతాలో పడేది 100 నుంచి 70కి కాదు, ఏకంగా 56కి దిగింది. ఖర్చు కూడా అదే లెక్కన తగ్గాలిగా అనుకుంటాం. తగ్గదు. ఆర్డర్లు పలచబడితే పికప్ దూరాలు పెరుగుతాయి, ఒక హోటల్ ముందు నుంచి ఇంకో హోటల్ ముందుకి ఊరికే తిరిగే కిలోమీటర్లు పెరుగుతాయి. 14కి దిగాల్సిన పెట్రోలు 16 దగ్గరే ఆగుతుంది. అరుగుదలకి 7, ఫోనుకి ఎప్పటిలాగే 2. మొత్తం 25 పోతే మిగిలేది 31. నిన్నటిదాకా 70 మిగిలిన చోట ఇప్పుడు 31. ఆర్డర్లు 30 శాతం తగ్గితే మిగులు దాదాపు 56 శాతం తగ్గింది. ఇందులో పెద్ద దెబ్బ ఆర్డర్లది కూడా కాదు: ఖర్చుల్లో తగ్గిన 5 పోను ఆర్డర్ల దెబ్బ 19, ఒక్కసారిగా సున్నా అయిపోయే ఇన్సెంటివ్‌ది 20.

అందుకే నా ఉద్దేశంలో ఇంటి బడ్జెట్‌ని ఇన్సెంటివ్ మీద ఆధారపడేలా పెట్టుకున్న రైడరుకి ఏ పొదుపు సలహా చెప్పినా పెద్దగా పనిచేయదు. బండి వాయిదా, అద్దె లాంటి కదలని ఖర్చులు మూల చెల్లింపులోనే ఇమడాలి. ఇన్సెంటివ్ వచ్చిన వారం వచ్చినట్టు, రాని వారం రానట్టు ఉండాలి. మన ఉదాహరణలో ఇన్సెంటివ్ తీసేస్తే మామూలు వారపు మిగులు 50. వాయిదా మీద కొత్త బండి తీసుకునేటప్పుడు చూడాల్సిన అంకె ఆ 50 గానీ, 70 కాదు.

ముందు తెలుసుకోవాల్సింది: డల్ ఎవరికి?

ఆర్డర్లు తగ్గాయనగానే సీజన్ అనుకోవడం అలవాటు. కానీ ఫోను మోగకపోవడానికి కనీసం మూడు వేర్వేరు కారణాలుంటాయి, మూడిటికీ మందు వేరు. ఒకటి, నిజంగానే కస్టమర్లు తగ్గడం: కాలేజీ సెలవుల్లో హాస్టళ్లు ఖాళీ అవుతాయి, ఆఫీసులకి సెలవులొస్తాయి, వాతావరణం హాయిగా ఉంటే జనం తామే బయటికి వెళ్లి తింటారు. రెండోది, కస్టమర్లు అంతే ఉన్నా జోన్‌లోకి కొత్త రైడర్లు ఎక్కువ మంది రావడం. మూడోది, మీ ఐడీకే ఏదో జరగడం. రేటింగ్ తగ్గి ఉండొచ్చు, ఆర్డర్లు ఎక్కువగా రిజెక్ట్ చేసి ఉండొచ్చు, బుక్ చేసుకున్న షిఫ్టులు వదిలేసి ఉండొచ్చు.

తేడా పట్టుకోవడానికి హోటల్ కౌంటర్ దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు. ప్యాక్ చేసిన కవర్లు వరసగా పెట్టి ఉండి, రైడర్లు వచ్చి పట్టుకెళ్తూ ఉంటే డిమాండ్ పడిపోలేదు. అప్పుడు పక్కనే ఎదురుచూస్తున్న ఇద్దరు ముగ్గురిని గంటకి ఎన్ని పడుతున్నాయో అడగండి. అందరికీ తక్కువే అయితే రైడర్లు ఎక్కువయ్యారు. మీకొక్కరికే తక్కువైతే గోల మీ ఐడీలో ఉంది, సీజన్ మారేదాకా కాచుకుని కూర్చుంటే అది తగ్గదు. కౌంటర్ మీద కవర్లే లేకపోతే అది నిజమైన డల్ సీజన్.

ఇది తేల్చుకోవాలంటే రోజూ రాసుకోవాల్సింది నాలుగే అంకెలు: లాగిన్ గంటలు, ఆర్డర్లు, పడిన డబ్బు, తిరిగిన కిలోమీటర్లు. కిలోమీటర్లు బండి మీటర్ చూసి రాయాలి. యాప్‌లు ఆర్డర్ల మీద తిరిగిన దూరాన్నే లెక్కిస్తాయి, మధ్యలో ఖాళీగా తిరిగింది అందులో కనిపించదు. వారం చివర చూసుకోవాల్సినవి గంటకి ఎన్ని ఆర్డర్లు, ఆర్డర్‌కి ఎన్ని కిలోమీటర్లు. మన రైడరుకి మామూలు వారంలో గంటకి 1.6 ఆర్డర్లు, డల్ వారంలో 1.1. మొత్తం డబ్బు ఒక్కటే చూసేవాడికి ఈ జారుడు ఆలస్యంగా తెలుస్తుంది. ఎందుకంటే ఆ మొత్తం పడిపోకుండా తనకి తెలియకుండానే గంటలు పెంచేసి ఉంటాడు.

గంటలు పెంచితే పూడుతుందా?

డబ్బు తగ్గగానే అందరూ చేసేది అదే. ఈ స్వభావం మీద ఒక పేరున్న పరిశోధన ఉంది. 1997లో కోలిన్ కామెరర్, లిండా బాబ్‌కాక్, జార్జ్ లోవెన్‌స్టీన్, రిచర్డ్ థేలర్ న్యూయార్క్ టాక్సీ డ్రైవర్ల ట్రిప్ షీట్లు పరిశీలించి, గిరాకీ బాగున్న రోజున వాళ్లు త్వరగా ఇంటికెళ్లిపోతున్నారని, గిరాకీ లేని రోజున ఎక్కువసేపు తిరుగుతున్నారని రాశారు. ఈరోజు ఇంత సంపాదించాలి అని మనసులో ఒక అంకె పెట్టుకుని, అది నిండగానే బండి ఆపేస్తున్నారన్నది వాళ్ల వివరణ. తర్వాత హెన్రీ ఫార్బర్ ఇంకా పెద్ద డేటాతో చూసి, డ్రైవర్లు అందరూ అలా చేయరని, సంపాదన బాగున్నప్పుడే ఎక్కువ పనిచేసే తీరే ప్రధానంగా కనిపిస్తోందని వాదించారు. ఆర్థికవేత్తల మధ్య ఆ చర్చ ఎటు తేలినా, రోజు టార్గెట్ పెట్టుకునే రైడర్లు ప్రతి జోన్‌లోనూ కనిపిస్తారు. అలా చేస్తే ఏమవుతుందో లెక్క చూద్దాం.

డల్ వారంలో అదనంగా దొరికే గంటలు మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక, సాయంత్రం మొదలయ్యే ముందు ఉండే చచ్చు గంటలే. ఎందుకంటే పీక్ గంటల్లో రైడరు ఎలాగూ రోడ్డు మీదే ఉన్నాడు. ఈ చచ్చు గంటల్లో గంటకి 0.6 ఆర్డర్లే పడతాయనుకోండి. ఒక్కో ఆర్డర్‌లో పెట్రోలు, అరుగుదల కలిపి 0.4 పోతే మిగిలేది 0.6. అంటే గంటకి మిగిలేది 0.36. వారానికి పది గంటలు పెంచినా వచ్చేది 4 కూడా కాదు. ఇంటికి కావాల్సింది 58, ఉన్నది 31, లోటు 27. పది గంటలు ఎండలో నిలబడి అందులో ఏడో వంతు కూడా పూడ్చలేదు.

దీన్నే తిరగేసి చూడండి. ఇప్పటికే చేస్తున్న 50 గంటల్లో అలాంటి చచ్చు గంటలు పది ఉంటే, వాటిని వదిలేస్తే పోయేది కూడా ఆ మూడున్నరే. ఆ పది గంటల్లో గంటకి 1 మిగిలే పని ఏది దొరికినా 10 వస్తుంది. రెండో పనికి సమయం ఎక్కడుంది అని అడిగేవాళ్లకి సమయం ఇక్కడే ఉంది. రాత్రి నిద్ర తగ్గించుకోనక్కర్లేదు.

ఇన్సెంటివ్ వెంటపడటం ఇంకాస్త చిక్కు విషయం. 56 దగ్గర ఉన్నవాడికి 75 అందాలంటే ఇంకో 19 కావాలి. చచ్చు గంటల్లో గంటకి 0.6 చొప్పున అది 32 గంటల పని. చేస్తే 19 ఆర్డర్ల మీద మిగిలే 11, పైన ఇన్సెంటివ్ 20, మొత్తం 31 వస్తుంది. గంటకి దాదాపు 1, చెడ్డదేం కాదు. కానీ వారంలో 82 గంటలు బండి మీద ఉండి 74 దగ్గర ఆగిపోతే వచ్చేది 11 మాత్రమే, చివర్లో వచ్చిన ఒక్క క్యాన్సిల్ చాలు అందుకు. కాబట్టి నిర్ణయం వారం మధ్యలోనే తీసుకోవాలి. సగం వారం గడిచేసరికి టార్గెట్‌లో సగానికి దగ్గరగా లేకపోతే ఆ వారం దాని సంగతి మర్చిపోయి పీక్ గంటలు మాత్రమే చేయడం మేలు. వారాంతంలో ఆర్డర్లు బాగా పెరిగే జోన్ అయితే ఆ సగాన్ని కాస్త కిందికి దించుకోవచ్చు. మెట్లు మెట్లుగా ఇన్సెంటివ్ ఇచ్చే యాప్ అయితే దగ్గర్లో ఉన్న చిన్న మెట్టుని పట్టుకుని అక్కడ ఆగాలి.

ఎంత దాచాలి

మూడు నెలల ఖర్చో ఆరు నెలల ఖర్చో చేతిలో ఉంచుకోమని చెప్పే సలహా నెలజీతం వాళ్ల కోసం పుట్టింది. వాళ్ల ఉద్యోగం పోతే రాబడి సున్నా. డల్ సీజన్‌లో రైడరు రాబడి సున్నా కాదు, తగ్గుతుందంతే. కాబట్టి దాచాల్సింది ఖర్చు మొత్తం కాదు, లోటు. ఆరు నెలల ఖర్చు అనే అంకె విని, అది మనవల్ల ఎక్కడవుతుందని అసలు మొదలే పెట్టని వాళ్లు చాలామంది. లోటు లెక్క చాలా చిన్నది.

మన రైడరు ఇంటి ఖర్చు 58లో వాయిదా వేయగలిగినవి, అంటే బట్టలు, ప్రయాణాలు, మరమ్మతులాంటివి 8 అనుకుందాం. డల్ వారంలో తప్పనిసరి 50. మిగులు 31. వారానికి లోటు 19. డల్ ఎన్ని వారాలుంటుంది? యాప్‌లో పాత పేఅవుట్ స్టేట్‌మెంట్లు ఉంటాయి. గత సంవత్సరానివి తీసి, ఖర్చులు పోను ఇంటికి చాలని వారాలకి టిక్కు పెట్టుకుంటూ పోతే వరసగా ఎన్ని పడ్డాయో కనిపిస్తుంది. కొత్తగా చేరినవాళ్లయితే అదే జోన్‌లో కనీసం రెండేళ్లుగా తిరుగుతున్నవాళ్లని అడగాలి. ఆరు వారాలనుకుంటే 19 ఆర్లు 114. మామూలు వారంలో ఖాతాలో పడే 100 కన్నా కొంచెం ఎక్కువ, అంతే. వారానికి 12 మిగులుతోంది కాబట్టి పది వారాల్లో చేరుతుంది.

ఇందులో బండి అరుగుదల డబ్బు కలపకూడదు. ఆ 8 వేరుగా ఉండాలి. డల్ సీజన్ మధ్యలో వెనక టైరు అరిగిపోతే, దానికోసం దాచిన డబ్బు ఇంట్లో ఖర్చయిపోయి ఉంటే బండి ఆగుతుంది. బండి ఆగితే ఆ 31 కూడా రాదు. అలాగే ప్రమాదమో జ్వరమో వచ్చినా, ఐడీ బ్లాక్ అయినా రాబడి నిజంగానే సున్నా అవుతుంది. అప్పుడు వారానికి కావాల్సింది 50. అందుకే 114 చేరాక ఆపకుండా 150 దాకా, అంటే మూడు ఖాళీ వారాలకి సరిపడా వెళ్లమంటాను. ఈ రెండు కష్టాలూ ఒకేసారి రావని కాదు. రెండిటికీ పూర్తిగా దాచాలంటే మొదలుపెట్టడమే కష్టమవుతుంది కాబట్టి ఈ రాజీ.

దాచే పద్ధతిలో ఒక్కటే కిటుకు: యాప్ డబ్బు పడే ఖాతా వేరు, ఇంటికి వాడే ఖాతా వేరు. ప్రతి సోమవారం మొదటి దాంట్లోంచి రెండో దాంట్లోకి 58 మాత్రమే వెళ్లాలి. 120 పడిన వారమైనా 58, 95 పడినా 58. డల్ మొదలైందని తేలితే 50. ఇంట్లోవాళ్లకి వారం వారం మారే రాబడి కనిపించదు, ఒకే జీతం కనిపిస్తుంది. బాగా పడిన వారం హుషారులో అయిపోయే ఖర్చు ఇక్కడే ఆగుతుంది. డబ్బు ఒక్క రోజులో తీసుకోగలిగే చోట ఉండాలి, అలాగని చెల్లింపులు చేసే యాప్‌కి ముడిపెట్టిన ఖాతాలో ఉండకూడదు.

నిల్వ ఆ 114లో సగానికి దిగితే, అంటే 57కి వస్తే, అది ఇంకో అడుగు వేయాల్సిన సమయం. చాలామంది అక్కడ అడ్వాన్సు తీసుకుంటారు. కొన్ని యాప్‌లు స్వయంగా ఇస్తాయి, వచ్చే పేఅవుట్లలోంచి కోసుకుంటాయి. అవసరానికి తీసుకోవడంలో తప్పు లేదు గానీ, దాని లెక్క ఇలా ఉంటుంది: ఇంటి ఖర్చు కూడా పోను మామూలు వారాల మిగులు 12. అడ్వాన్సు 60 తీసుకుంటే ఆర్డర్లు కోలుకున్నాక కూడా ఐదు వారాల మిగులు మొత్తం దానికే పోతుంది. వడ్డీ ఉంటే ఇంకా ఎక్కువ. ఈలోగా నిల్వ ఏమాత్రం పెరగదు.

రెండో రాబడి: అదే వారం పడిపోకూడదు

రెండో పని అనగానే ఇంకో ఫుడ్ యాప్‌లో ఐడీ తీసుకోవడం గుర్తొస్తుంది. పైన చెప్పిన మూడు కారణాల్లో మీ ఐడీలోనే గోల ఉన్నప్పుడు ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. రైడర్లు ఎక్కువైనప్పుడు కొంత పనిచేస్తుంది. కస్టమర్లే తగ్గినప్పుడు దాదాపు పనిచేయదు, రెండు ఫోన్లూ కలిసే మౌనంగా ఉంటాయి. ఒక యాప్‌లో పోగవ్వాల్సిన ఆర్డర్లు రెండిట్లోకి చీలిపోయి రెండు చోట్లా ఇన్సెంటివ్ దూరమవడం దీని ఇంకో నష్టం.

కాబట్టి ఏ పనినైనా అడగాల్సిన ప్రశ్న, ఫుడ్ ఆర్డర్లు తగ్గిన వారం ఇది కూడా తగ్గుతుందా అని. పార్సిల్ డెలివరీ కొనుగోళ్ల సీజన్‌తో ఊగుతుంది, భోజనాలతో కాదు. బైక్ టాక్సీ ఆఫీసుల వేళతో నడుస్తుంది, ఆఫీసు సెలవులైతే రెండూ కలిసి పడతాయి. నాకు అన్నిటికన్నా నమ్మకంగా కనిపించేవి యాప్ బయటి చిన్న ఖాతాలు: మందుల షాపు రోజూ మధ్యాహ్నం పంపే మందులు, ల్యాబ్ శాంపిళ్లు, దర్జీ కొట్టు నుంచి వెళ్లాల్సిన బట్టలు, విడిభాగాల దుకాణం నుంచి మెకానిక్ షెడ్లకి వెళ్లే సామాను. వీటికి మూడు సుగుణాలున్నాయి. అవి చచ్చు గంటల్లోనే ఉంటాయి, దూరం ముందే తెలుస్తుంది కాబట్టి ఖాళీ కిలోమీటర్లు ఉండవు, రేటు మనం మాట్లాడుకుంటాం.

రేటు మాట్లాడుకునేటప్పుడు తిరుగు ప్రయాణం కలపాలి. నాలుగు కిలోమీటర్ల డెలివరీ అంటే ఎనిమిది కిలోమీటర్ల పెట్రోలు. డబ్బు వారానికోసారి తీసుకోవడం మంచిది. నెలాఖరున ఇస్తామనే ఖాతా డల్ నెలలో ఆదుకోదు. బండి ఇన్సూరెన్సు సొంత వాడకానికి తీసుకున్నదైతే కిరాయి పనిలో ప్రమాదం జరిగినప్పుడు క్లెయిము ఇవ్వకపోవచ్చు. పాలసీలో వాడకం అన్నచోట ఏం రాసుందో చూసుకోవాలి, యాప్ ఇచ్చే ప్రమాద బీమా సాధారణంగా ఆ యాప్ పనిలో ఉన్నప్పటికే. ఇంట్లో కూర్చుని ఫోన్‌లో చేసే పని ఇస్తాం, ముందు రిజిస్ట్రేషన్ కట్టండి అనేవాళ్లు డల్ నెలల్లోనే ఎక్కువగా తగులుతారు. పని ఇచ్చేవాడు ముందు డబ్బు అడిగాడంటే అక్కడ పని లేదు.

ఇవన్నీ డల్ మొదలయ్యాక వెతికితే దొరకవు. కొత్త యాప్‌లో కాగితాల పరిశీలనకే రోజులు పడతాయి, పైగా అదే వారం జోన్‌లోని మిగతావాళ్లూ అక్కడే క్యూ కడతారు. షాపువాళ్లు కూడా తెలిసిన మనిషికే సామాను ఇస్తారు. ఆర్డర్లు బాగున్నప్పుడే వారానికి ఒకటి రెండు మధ్యాహ్నాలు అటు తిరిగి, ఒకటి రెండు ఖాతాలు నిలబెట్టుకోవాలి.

మన రైడరు అలా చేసి ఉంటే డల్ వారం ఎలా ఉంటుందో చూడండి. చచ్చు గంటలు పది వదిలాడు, 31లో మూడున్నర పోయి 27.5 మిగిలింది. ఆ పది గంటల్లో బయటి పని మీద 10 వచ్చింది. మొత్తం 37.5. లోటు 19 కాదు, 12.5. ఆరు వారాలు ఈడ్చాల్సిన 114 ఇప్పుడు తొమ్మిది వారాలు వస్తుంది. డల్ ఆరు వారాలకే తీరిపోతే నిల్వలో ఇంకా 39 ఉంటుంది, ఖర్చైన 75ని మామూలు వారాల 12 చొప్పున ఆరేడు వారాల్లో నింపుకోవచ్చు.

ఆర్డర్లు తిరిగి పుంజుకున్నాక ఈ షాపు ఖాతాలు వదిలేయాలనిపిస్తుంది. అప్పుడు సగటున గంటకి 1.4 మిగులుతుంది, షాపు పని 1 మాత్రమే ఇస్తోంది కదా అని. కానీ ఆ 1.4 పీక్ గంటలు కలిపిన సగటు. మంచి సీజన్‌లోనైనా మధ్యాహ్నం మూడున్నరకి గంటకి ఎంత పడుతోందో విడిగా రాసుకుని, దాన్ని షాపు పని ఇచ్చే 1తో పోల్చాకే వదలాలో ఉంచుకోవాలో తేల్చుకోవాలి.